కెఫే మూడ్ బోర్డు పొందికగా ఉందా? తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో కొత్తగా కెఫే పెడుతున్నవాళ్లు, వాళ్లకి డిజైన్ చేసిపెట్టే కుర్రవాళ్లు, ఇంటీరియర్ కోర్సు చదివే పిల్లలు మూడ్ బోర్డు, అంటే చోటు ఎలా ఉండాలో చూపించే ఫోటోల పలక, చేతిలో పెట్టి నన్ను అడిగే ప్రశ్నలివి. విడివిడిగా సూత్రాలు చెబితే గాల్లో ఉన్నట్టుంటుంది. అందుకే ఒకే బోర్డును ముందు పెట్టుకుని అన్నింటికీ జవాబు చెబుతాను.

బోర్డు సైనిక్‌పురిలో మొదటి అంతస్తులో రాబోయే కెఫేది. కిచెన్ కాక కూర్చునే హాలు 20 అడుగులు, 30 అడుగులు. ఎత్తు 10 అడుగులు. రోడ్డు వైపు మొత్తం గాజు, అది పడమటి ముఖం. కుర్చీలు 36. ఓనర్ కోరిక ఒక్క వాక్యంలో: "ఇరానీ హోటల్లో కూర్చున్నట్టు ఉండాలి, కానీ ల్యాప్‌టాప్ పెట్టుకుని రెండు గంటలు ఉండగలగాలి."

బోర్డు మీద 12 ఫోటోలు: పాలరాతి గుండ్రటి టేబుల్, దాని పక్కన వంపు చెక్క కుర్చీ; సున్నం ప్లాస్టర్ గోడ; తాండూరు బండల నేల; నడుము ఎత్తు వరకు ముదురు ఆకుపచ్చ చెక్క, పైన అద్దాలు; ఇత్తడి గోడదీపం; గ్రీసు దీవి శాంటొరిని తెల్లటి ఆర్చీలు; నల్ల ఇనుప పైపుల షెల్ఫు, ఇటుక గోడ, ఫిలమెంట్ బల్బు; జపాన్, స్కాండినేవియా పద్ధతులు కలిపిన జపాండీ స్టైల్లో లేత రంగు చెక్క బెంచీ; ఎరుపు, నలుపు, తెలుపు తేలియా రుమాల్ కుషన్లు; టెర్రకోట జాలీ; కౌంటర్‌కి లేత ఆకుపచ్చ మెరుపు టైల్స్; చాయ్ కప్పు, ఉస్మానియా బిస్కెట్.

పొందిక అంటే అన్నీ ఒకదానికొకటి మ్యాచ్ కావడమేనా?

కాదు. అన్నీ మ్యాచ్ అయితే అది షోరూమ్ అవుతుంది. పొందిక అంటే, బోర్డు మీద ఉన్న ప్రతి ఫోటో ఓనర్ చెప్పిన ఆ ఒక్క వాక్యానికి జవాబు చెప్పాలి, ఒక ఫోటో చెప్పినదాన్ని ఇంకోటి కాదనకూడదు. అందుకే నేను బోర్డు చూసే ముందే ఆ వాక్యం అడుగుతాను. వాక్యం లేకపోతే బోర్డును అంచనా వేయలేం, నచ్చిందో లేదో మాత్రమే చెప్పగలం.

ఒక్కో ఫోటో దగ్గర వేలు పెట్టి, "దీన్నుంచి నువ్వేం తీసుకుంటున్నావ్?" అని అడగండి. రంగా, మెటీరియలా, ఆకారమా, ఫర్నిచర్ అమరికా? జవాబు "ఫీల్" అని వస్తే ఆ ఫోటో ఇంకా తన చోటు సంపాదించుకోలేదు. మన బోర్డులో చాయ్ కప్పు ఫోటో అక్కడే పోయింది. చూడటానికి హాయిగా ఉంది, కానీ దాన్ని చూసి మేస్త్రీ గానీ వడ్రంగి గానీ చేయగలిగింది ఏమీ లేదు. అది ఇన్‌స్టాగ్రామ్ పేజీకి పనికొస్తుంది.

ఫోటోలన్నీ ఒకే రంగు ఛాయలో అందంగా కలిసిపోయాయి. ఇక రంగుల సంగతి కుదిరినట్టేనా?

అక్కడే ఎక్కువమంది పొరబడతారు, కాబట్టి దీనికి కాస్త ఎక్కువ చోటు ఇస్తాను. ఫోటోలు కలవడం వేరు, ఫోటోల్లో ఉన్న వస్తువులు కలవడం వేరు. ఇప్పుడు ఆన్‌లైన్‌లో దొరికే ఇంటీరియర్ ఫోటోల్లో చాలావాటికి లేత గోధుమరంగు ఫిల్టర్ ఉంటుంది. అలాంటివి పన్నెండు పక్కపక్కన పెడితే ఏ వస్తువైనా ఏ వస్తువుతోనైనా కలిసినట్టే కనిపిస్తుంది. కలిపింది ఫిల్టర్. హాల్లో ఆ ఫిల్టర్ ఉండదు.

దీనికి ఉల్టా కూడా జరుగుతుంది. ఒక ఫోటో మబ్బు రోజున తీశారు, ఇంకోటి రాత్రి లైట్ల కింద తీశారు. రాయి, చెక్క నిజానికి చక్కగా కలుస్తాయి, కానీ బోర్డు మీద గొడవ పడుతున్నట్టుంటాయి. మంచి బోర్డును ఈ కారణంగా పక్కన పడేయడం నేను చూశాను.

కాబట్టి ఫోటోలను నమ్మకుండా రంగులను బయటికి తీయాలి. ఏ డిజైన్ యాప్‌లోనైనా ఫోటోలోంచి రంగు తీసిచ్చే ఐడ్రాపర్ ఉంటుంది. ఒక్కో వస్తువు మీద మూడు చోట్ల రంగు తీసుకోండి. మెరుపు పడిన చోటు, నీడ పడిన చోటు వదిలేసి మధ్యస్థంగా వెలుగున్న చోట తీయండి. ఆ రంగులతో ఖాళీ పేజీ మీద చదరాలు గీయండి. ఫోటోలో తెల్లగా ఉండాల్సిన వస్తువు, అంటే ప్లేటో, పేపరో, స్విచ్ బోర్డో ఉంటే దాని రంగూ తీసి చూడండి. అది పసుపు పచ్చగా వస్తే ఆ ఫోటోలో అన్నీ అంత మేర పసుపు వైపు జరిగినట్టే.

మన బోర్డును ఇలా విప్పితే జపాండీ బెంచీ బయటపడింది. ఫోటోలో తేనె రంగులో ఉన్న ఆ చెక్క, పక్కనున్న తెల్ల కప్పుతో పోల్చి చూస్తే నిజానికి బూడిద ఛాయ ఉన్న లేత చెక్క. వంపు కుర్చీది ఎర్రటి ముదురు గోధుమ. రెండూ ఒకే టేబుల్‌కి చెరో పక్కన వస్తే ఒకటి వెలిసిపోయినట్టు, ఇంకోటి మురికిపట్టినట్టు కనిపిస్తుంది.

తెలుపులు ఎన్ని ఉన్నా ఫరవాలేదు కదా?

తెలుపుల దగ్గరే బోర్డులు ఎక్కువ తప్పుతాయి. మన సున్నం గోడ నుంచి తీసిన రంగు #F3EDE0. పాలరాయి నుంచి తీసింది #EEF1F4. ఈ కోడ్‌లో మొదటి జత ఎరుపు, రెండోది ఆకుపచ్చ, మూడోది నీలం. మామూలు అంకెల్లోకి మారిస్తే గోడలో ఎరుపు 243, నీలం 224. ఎరుపు ఎక్కువ కాబట్టి అది వెచ్చటి తెలుపు. పాలరాతిలో ఎరుపు 238, నీలం 244. అది చల్లటి తెలుపు. విడిగా చూస్తే రెండూ తెలుపే. ఆనించి పెడితే గోడ పాచిపోయినట్టు, రాయి నీలిమందు పెట్టినట్టు ఉంటుంది.

అయితే పాలరాయి తీసేయాలా? అక్కర్లేదు. రెండు తెలుపులు ఒకే అంచును పంచుకున్నప్పుడే కంటికి తగులుతాయి. ఈ హాల్లో పాలరాయి టేబుళ్ల మీదే ఉంది, దాని చుట్టూ చెక్క అంచు ఉంది, గోడ కింది భాగం ఆకుపచ్చ చెక్క. కాబట్టి రెండూ ఎక్కడా తాకవు. అసలు ప్రమాదం బోర్డు మీద లేనేలేదు: సీలింగ్. పెయింటర్‌కి ఏమీ చెప్పకపోతే తళతళలాడే తెలుపు వేసేస్తాడు. అది రోడ్డు వైపు గాజు పోను హాలు చుట్టూ సున్నం గోడను పొడవునా తాకుతుంది. సీలింగ్ లేని బోర్డును నేను పూర్తయినట్టు లెక్కపెట్టను.

సాంపిల్ చేతిలో ఉంటే చిన్న పరీక్ష ఉంది. మామూలు ప్రింటర్ పేపరు పక్కన పెట్టండి. ఆ పేపరు నీలి ఛాయ తెలుపు, కాబట్టి వెచ్చటి తెలుపు దాని పక్కన వెంటనే దొరికిపోతుంది.

బోర్డును నలుపు-తెలుపు చేసి చూడమంటారు. ఎందుకు?

రంగు తీసేస్తే వెలుగు-చీకటి తేడా మాత్రమే మిగులుతుంది. లోపలికి వచ్చిన మనిషికి కౌంటర్ ఎక్కడుంది, కుర్చీలు ఎక్కడున్నాయి అన్నది ముందు తెలిసేది ఆ తేడా వల్లే.

మన బోర్డులో టెర్రకోట జాలీ రంగు #B5653F, కౌంటర్ టైల్ #6F8468. ఒకటి ఎరుపు, ఇంకోటి ఆకుపచ్చ, కాబట్టి బాగా వేరుగా ఉన్నాయనిపిస్తుంది. నలుపు-తెలుపు చేస్తే రెండూ దాదాపు ఒకే బూడిద. జాలీ కౌంటర్ పక్కనే వస్తుంది కాబట్టి సాయంత్రం మసక వెలుతురులో రెండూ కలిసిపోతాయి. నేను చెప్పిన మార్పు ఒక్కటే: కౌంటర్ టైల్‌ను గోడ చెక్కకున్న ముదురు ఆకుపచ్చలోకి దించండి. దాంతో బోర్డులో ఒక రంగు తగ్గింది, కౌంటర్ కూడా నిలబడింది.

60-30-10 సూత్రం పాటిస్తే చాలా?

సూత్రం మంచిదే. ప్రధాన రంగు 60 శాతం, తోడు రంగు 30, కొట్టొచ్చినట్టు కనిపించే రంగు 10. కానీ దాన్ని బోర్డు మీద కొలవకూడదు, హాల్లో కొలవాలి. బోర్డు మీద అన్ని ఫోటోలూ ఒకే సైజులో ఉంటాయి కాబట్టి కుషన్‌కీ నేలకీ ఒకే వాటా వచ్చేస్తుంది.

లెక్క చూడండి. నేల 600 చదరపు అడుగులు, సీలింగ్ 600, గాజు, తలుపులు పోను గోడలు 750. మొత్తం 1950. కుషన్ 16 అంగుళాల చదరం అనుకుంటే 36 కుషన్లు కలిపి 64 చదరపు అడుగులు, అంటే మూడు శాతం పైచిలుకు. బోర్డు మీద మాత్రం పన్నెండిట్లో ఒక ఫోటో, ఎనిమిది శాతం పైన. ఓనర్ ఆ బోర్డు చూసి "ఎరుపు ఎక్కువైందేమో" అని టెన్షన్ పడ్డారు. నిజానికి హాల్లో ఆ ఎరుపు సరిగ్గా సరిపోతుంది, మనుషులు కూర్చుంటే ఇంకా తగ్గుతుంది కూడా. అటు తాండూరు బండ బూడిద ఛాయ హాల్లో మూడో వంతు దాకా ఉంటుంది, బోర్డు మీద మూలన పడి ఉంది.

పరిష్కారం సులువు. ఫోటోల సైజు మార్చండి. నేల, గోడ, సీలింగ్ పెద్దవిగా, కుషన్, ఇత్తడి దీపం చిన్నవిగా. సెంటీమీటర్లతో కొలవక్కర్లేదు, వరుస తప్పకపోతే చాలు.

టెక్స్చర్లు కలిశాయో లేదో ఫోటోలో ఎలా తెలుస్తుంది?

పూర్తిగా తెలియదు. తెలిసినంతలో రెండు విషయాలు చూడండి.

మొదటిది మెరుపు. మన బోర్డులో పాలరాయి, మెరుపు టైల్, అద్దాలు, ఇత్తడి తళుక్కుమనేవి. సున్నం, టెర్రకోట, తాండూరు బండ, కుషన్ బట్ట మెరుపు లేనివి. ఈ రెండు గుంపుల మధ్య నిలబడేది పాలిష్ చేసిన చెక్క ఒక్కటే. అది ఉండాలి కూడా, లేకపోతే హాలు రెండు ముక్కలుగా కనిపిస్తుంది. వంపు కుర్చీ ఆ పని చేస్తోంది. ఇంకో మాట, ఇరానీ హోటల్ గోడ మీద అద్దం అందమే, కానీ పడమటి గాజుకి ఎదురుగా పెడితే సాయంత్రం నాలుగింటి ఎండ దాన్నుంచి తిరిగి ల్యాప్‌టాప్ తెరల మీద పడుతుంది. అంటే ఓనర్ వాక్యంలో రెండో సగం పోయినట్టే. అద్దాలు పక్క గోడలకి మార్చమని బోర్డు మీదే రాశాను.

రెండోది దూరం. సున్నం ప్లాస్టర్ ఫోటో అడుగు దూరం నుంచి తీసింది. కరణీ పట్టుకున్న చేతి కదలిక కూడా కనిపిస్తోంది. పది అడుగుల నుంచి చూస్తే అది మామూలు గోడ. టెర్రకోట జాలీ ఫోటో మాత్రం దూరం నుంచి తీసింది. దగ్గరి ఫోటోలు, దూరపు ఫోటోలు కలిపేస్తే ఏ టెక్స్చర్ బలమైనదో తారుమారవుతుంది. ప్రతిదాని కింద రాసి పెట్టుకోండి: ఇది గుమ్మం నుంచి కనబడుతుందా, కుర్చీలోంచి కనబడుతుందా, చేత్తో ముట్టుకుంటేనే తెలుస్తుందా? అన్నీ గుమ్మం నుంచే అరుస్తుంటే గందరగోళం. అన్నీ చేతికే తెలిసేవైతే హాలు బోసిగా ఉంటుంది. ఇక్కడ గుమ్మానికి జాలీ, ఆకుపచ్చ చెక్క. కుర్చీకి సున్నం గోడ, బండ. చేతికి పాలరాయి, కుషన్.

ఆ కుషన్ గురించి కాస్త. తేలియా రుమాల్ మన తెలంగాణలోని పుట్టపాక నేత. నూలును ముందే ముడులు కట్టి రంగు ముంచి, తర్వాత మగ్గం మీద నేస్తారు. అందుకే డిజైన్ అంచులు కత్తిరించినట్టుండవు, ఒక దారం మందాన అటూ ఇటూ చెదురుతాయి. ఆ చెదురు సున్నం గోడతో భలే కలుస్తుంది. అదే డిజైన్‌ను ప్రింట్ చేసిన బట్ట ఫోటోలో అచ్చం అలాగే ఉంటుంది, కానీ అంచులు గీత గీసినట్టుంటాయి. ధర తగ్గించడానికి ప్రింట్ బట్టకి మారితే బోర్డు మారినట్టే, అప్పుడు మళ్లీ చూడాలి.

ఇరానీ, ఇండస్ట్రియల్, జపాండీ కలపకూడదా? ఫ్యూజన్ అనుకోవచ్చుగా?

కలపొచ్చు, ఒకదాన్నొకటి కాదననంత వరకు. స్టైల్ పేర్లు చూడకండి, ఆ స్టైల్ గోడను, కుర్చీని ఏం చేస్తుందో చూడండి.

ఇరానీ హోటల్ ప్రతి ఉపరితలాన్నీ తుడవడానికి వీలుగా కప్పుతుంది. టేబుల్‌కి పాలరాయి, గోడకి చెక్క, అద్దం. రోజుకు వందల మంది వచ్చి చాయ్ తాగి వెళ్లే చోటు అది. ఇండస్ట్రియల్ దానికి పూర్తి ఎదురు. న్యూయార్క్‌లో పాత ఫ్యాక్టరీలు కళాకారుల స్టూడియోలైనప్పుడు పుట్టిన పద్ధతి, ఉన్నదాన్ని ఒలిచి ఇటుకను, పైపును బయటపెడుతుంది. ఒకటి కప్పుతుంది, ఒకటి ఒలుస్తుంది. ఒకే హాల్లో రెండూ చేస్తే పని సగంలో ఆగిపోయినట్టుంటుంది. పైగా సైనిక్‌పురి బిల్డింగ్ కొత్తది, ఒలిస్తే లోపల సిమెంట్ ఇటుకలే. పైపుల షెల్ఫు తీసేశాం.

జపాండీ బెంచీ సంగతి వేరు. "ఎందుకు పెట్టావ్?" అని అడిగితే బోర్డు చేసిన అమ్మాయి, "వంపు కుర్చీలో రెండు గంటలు కూర్చోలేరు మేడమ్" అంది. నిజం. వంపు కుర్చీ 1859లో థోనెట్ అనే ఫర్నిచర్ కంపెనీ తెచ్చిన, వియన్నా కెఫేల్లో పేరుపడిన నమూనా సంతతి. తేలిక, చవక, గబుక్కున జరపొచ్చు, కానీ తీరిగ్గా ఆనుకుని కూర్చోవడానికి కాదు. కాబట్టి బెంచీ అవసరం ఓనర్ వాక్యంలోంచే వచ్చింది. ఉంచాల్సింది సౌకర్యం, మార్చాల్సింది రూపం. గోడ వారగా, వీపు నిటారుగా, కుర్చీ రంగు టేకు పాలిష్‌తో బెంచీ గీయించాం. లేత చెక్క ఫోటో పోయింది, బెంచీ మిగిలింది.

ఆర్చీలైతే మన హైదరాబాద్‌కి నప్పుతాయి కదా, శాంటొరిని ఫోటో ఎందుకు తీసేశారు?

ఆర్చీ అనే పేరు ఒకటే, గీత వేరు. చార్మినార్ ఆర్చీ పైకి వెళ్లి కొనదేరుతుంది. శాంటొరిని ఇళ్ల ఆర్చీ గుండ్రంగా ఉండి, అంచులు చేత్తో నిమిరినట్టు మొద్దుగా ఉంటాయి, గోడ, కప్పు ఒకటే ముద్దలా కలిసిపోతాయి. మన బోర్డులో టెర్రకోట జాలీ కన్నాలు కొనదేరిన ఆకారంలో ఉన్నాయి. దాని పక్కన గుండ్రటి ఆర్చీ కడితే రెండు ఊళ్లు పక్కపక్కన నిలబడినట్టుంటుంది. ఇంకా ఆ ఫోటోలో ఉన్నది చల్లటి తెలుపు, సముద్రపు నీలం. ఆకారమూ కలవలేదు, రంగూ కలవలేదు. ఆర్చీ కావాలంటే జాలీ కన్నం గీతనే పెద్దది చేసి గుమ్మానికి వాడమన్నాను.

బోర్డు మీద ఎన్ని ఫోటోలుండాలి?

ఇంత చిన్న హాలుకి ఎనిమిది, తొమ్మిది చాలు. మన బోర్డు నుంచి నాలుగు పోయాయి, సీలింగ్ రంగు ఒకటి చేరింది.

ఓనర్‌కి బాగా నచ్చిన ఫోటోను తీసేయమని ఎలా చెప్పాలి?

"ఇది బాలేదు" అనకండి. "సార్, ఇందులో మీకు నచ్చింది చూపించండి" అనండి. మన ఓనర్‌ని పైపుల షెల్ఫు గురించి అడిగితే ఆయన చూపించింది షెల్ఫు కాదు, ఫిలమెంట్ బల్బు కాంతి. అది వెచ్చటి 2700K లైటుతో ఇత్తడి దీపంలోనే వచ్చేస్తుంది; ఈ K అంకె తగ్గేకొద్దీ కాంతి పసుపెక్కుతుంది. ఫోటో తీసేస్తే ఆయనకేమీ పోలేదు. చాలాసార్లు ఇలాగే జరుగుతుంది: మనిషికి ఫోటోలో ఒక మూల నచ్చుతుంది, మనం మొత్తం ఫోటో బోర్డుకెక్కిస్తాం.

స్క్రీన్ మీద అన్నీ సరిపోయాయి. ఇక ఆర్డర్ ఇచ్చేయవచ్చా?

ముందు సాంపిల్స్ తెప్పించండి. బండ ముక్క, ప్లాస్టర్ వేసిన పలక, పాలిష్ చేసిన చెక్క, టైల్, బట్ట, రాణిగంజ్‌లో హార్డ్‌వేర్ కొంటుంటే ఒక ఇత్తడి హ్యాండిల్. అదే హాల్లో, నేలవి నేల మీద పరిచి, గోడవి నిలబెట్టి చూడండి. గోడ సాంపిల్‌ను టేబుల్ మీద పడుకోబెట్టి చూస్తే పైనుంచి వెలుతురు పడి ఉన్నదానికన్నా లేతగా కనిపిస్తుంది.

మూడు పూటలా చూడాలి: పొద్దున, పడమటి ఎండ లోపలికి వచ్చే వేళ, చీకటి పడ్డాక మీరు పెట్టబోయే లైటు కింద. ఈ హాల్లో రాత్రి 2700K కింద సున్నం గోడ మరింత పసుపెక్కింది, తాండూరు బండ బూడిద ఛాయ మట్టిరంగులోకి దిగింది. 3000Kకి మార్చగానే బండ తేరుకుంది, గోడ వెచ్చదనం అలాగే ఉంది. ఓనర్ అడిగిన బల్బు కాంతి గోడదీపాల్లో మాత్రం 2700Kగా మిగిల్చాం.

తాండూరు బండ మీద కాసిని నీళ్లు కూడా పోసి చూడండి. తడిస్తే ముదురుతుంది. పాలిష్ చేసినా, రంగు తేల్చే రకం సీలర్ వేసినా దాదాపు ఆ ముదురే వస్తుంది. బోర్డు మీద ఉన్నది పొడి బండ రంగైతే నేల వేశాక తేడా తెలుస్తుంది. సీలర్ ఎలాగూ తప్పదు, అయినా ఆ బండ సున్నపురాయి, నిమ్మరసం పడితే సీలర్ ఉన్నా మచ్చ పడొచ్చు. పాలరాయీ అంతే. లెమన్ టీ పోసే కెఫేలో ఈ మాట ఓనర్‌కి ముందే చెప్పాలి.

పొసగనిది ఒక్కటైనా ఉంటే బోర్డుకి ప్రాణం వస్తుందంటారు. నిజమేనా?

నిజమే, అది కావాలని పెట్టిందైతే. కావాలని పెట్టిందో, పొరబాటున మిగిలిందో తెలుసుకోవడానికి రెండు గుర్తులు చూస్తాను. ఒకటి, అది ఒక్క విషయంలోనే ఎదురు తిరగాలి. తేలియా రుమాల్ ఎరుపు మిగతా రంగులకు ఎదురే, కానీ దాని నేత టెక్స్చర్, నేసే ఊరు బోర్డుతో కలుస్తాయి. శాంటొరిని ఫోటో రంగు, ఆకారం, ఊరు మూడింట్లోనూ ఎదురు తిరిగింది. రెండు, అది హాల్లో ఒకటికి మించి చోట్ల కనిపించాలి. ఒక్క చోటే ఎరుపుంటే ఎవరో మరిచిపోయి వెళ్లిన వస్తువులా ఉంటుంది. అందుకే కుషన్లతో పాటు కౌంటర్ వెనక మెనూ బోర్డు అంచుకి, బిల్లు పెట్టే పుస్తకం అట్టకి అదే ఎరుపు వేయమన్నాను. అంతకు మించి వద్దన్నాను.